ముందు ఇరవై వేల పని చూడండి

నాలుగు లక్షల కొటేషన్ బల్ల మీద పెట్టగానే చిన్న ఫ్యాక్టరీ యజమాని నోట వచ్చే మాట దాదాపు ఒకటే: "చూద్దాం లెండి, మేమే ఫోన్ చేస్తాం." ఆ ఫోన్ రాదు. ఎదుటివాడికి పని రాదేమోనన్న అనుమానం అందులో కొంతే ఉంటుంది. డబ్బు చేయి దాటాక చేతికి ఏం వస్తుందో తెలియకపోవడమే అసలు భయం.

ఈ ఇబ్బంది బాగా ఎరిగినవాళ్లలో ఎనర్జీ ఆడిటర్లు ముందుంటారు. ఫ్యాక్టరీలో కరెంటు, ఇంధనం ఎక్కడ వృథా అవుతున్నాయో కొలిచి చెప్పడం వాళ్ల పని. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ప్రభుత్వం గుర్తించిన భారీ పరిశ్రమలు ఈ ఆడిట్ చేయించుకోక తప్పదు. చిన్న యూనిట్లలో చాలావాటికి ఆ నిర్బంధం లేదు కాబట్టి ఆడిటరే వెళ్లి తలుపు తట్టాలి. కంటికి కనిపించని వృథాను అమ్మడం తేలిక కాదు. అందుకే అనుభవమున్నవాళ్లు నాలుగు లక్షల పనిని పక్కనపెట్టి, ముందు ఇరవై వేల పని అమ్ముతారు.

ఇది ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. హైదరాబాద్ జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడలో ఓ మధ్యతరహా ప్లాస్టిక్ యూనిట్ ఉందనుకుందాం. అందులో 37 కిలోవాట్ల స్క్రూ కంప్రెసర్ ఒకటి రోజుకు 20 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరుగుతోంది. మొత్తం యూనిట్‌కు ఆడిట్, ఆపైన గాలి పైపులైన్ల మరమ్మతు కలిపి నాలుగు లక్షలవుతుందని ఆడిటర్ చెప్పాడు. యజమాని నాన్చాడు. అప్పుడు ఆడిటర్ పనిని కుదించి, కంప్రెసర్ గాలి లీకుల వరకే కొలుస్తానన్నాడు. రెండుసార్లు వస్తాడు, వారంలో ఆరు పేజీల నివేదిక ఇస్తాడు, ఫీజు 20,000 రూపాయలు.

"చూసి చెప్పడానికి కూడా డబ్బులా అండీ? కంప్రెసర్ కంపెనీవాళ్లు ఊరికే చూసి వెళ్తారు కదా."

"చూస్తారు సార్. కొత్త కంప్రెసర్ కొనమని చెప్పి వెళ్తారు. నా దగ్గర అమ్మడానికి మిషన్ లేదు, నాకొచ్చేది ఈ ఫీజు ఒక్కటే. రిపోర్టు మీ చేతికిచ్చాక లీకులు నాతోనే కట్టించుకోవాలని లేదు, మీ ఎలక్ట్రీషియన్‌తో కట్టించుకున్నా మంచిదే."

కిటుకంతా ఆ చివరి మాటలో ఉంది. నివేదిక తనంతట తాను పనికొచ్చేదిగా ఉండాలి. ఏ లీకు ఎక్కడుంది, దాన్ని ఎలా ఆపాలి అన్నది మూడో మనిషి చదివినా అర్థం కావాలి. సగం చెప్పి, మిగతా సగం తెలియాలంటే పెద్ద కాంట్రాక్టు ఇవ్వాలనే నివేదికను కొన్నవాడు మోసం కిందే లెక్కగడతాడు, అది న్యాయం కూడా.

ఇక కొలత సంగతి. ఉత్పత్తి ఆగిన ఆదివారం పొద్దున గాలి వాడే మిషన్లన్నీ ఆపేసి, లైన్ల వాల్వులు మాత్రం తెరిచి ఉంచి కంప్రెసర్‌ను నడుపుతారు. ఒత్తిడి 7 బార్‌కు చేరగానే అది గాలి కొట్టడం ఆపి ఊరికే తిరుగుతుంది. షాపులో దీన్ని అన్‌లోడ్ కావడం అంటారు. ఎవరూ గాలి వాడడం లేదు కాబట్టి అది అలాగే ఉండిపోవాలి. లీకులుంటే మాత్రం ఒత్తిడి మెల్లగా పడిపోయి, కంప్రెసర్ మళ్లీ లోడ్ మీదికి వస్తుంది. ఈ రెండు సమయాలనూ స్టాప్‌వాచ్‌తో అయిదారుసార్లు కొలిచి సగటు తీస్తారు. మన యూనిట్‌లో లోడ్ 90 సెకన్లు, అన్‌లోడ్ 210 సెకన్లు వచ్చిందనుకోండి. మొత్తం 300 సెకన్లలో 90, అంటే కంప్రెసర్ ఇవ్వగల గాలిలో 30 శాతం లీకులకే పోతోంది. సరిగ్గా చూసుకునే చోట ఇది 10 శాతం లోపు ఉంటుంది.

తర్వాత అల్ట్రాసోనిక్ డిటెక్టర్ పట్టుకుని, అది లేకపోతే సబ్బునీళ్లు పూస్తూ, లైన్ వెంట నడవాలి. హోస్ పైపుల కప్లింగులు, ఫిల్టర్ రెగ్యులేటర్లు, నీరు వదిలే డ్రెయిన్ వాల్వులు, సిలిండర్ సీళ్లు దొరికే దొంగలు. దొరికిన ప్రతి చోటా నంబరు రాసిన ట్యాగ్ కట్టి, ఫొటో తీస్తారు. ట్యాగులు కడుతున్నంతసేపు యజమాని పక్కనే నడిస్తే మంచిది. బుస్సుమనే గాలిని చేత్తో తాకిచూసినవాడికి పట్టికలు ఎక్కువ చూపించాల్సిన పనిలేదు.

ఆదా లెక్క దగ్గరే మంచి ఆడిటర్, తొందరపడే ఆడిటర్ వేరుపడతారు. లీకులను 30 నుంచి 10 శాతానికి దించితే మిగిలేది 20 శాతం. తొందరపడేవాడు 37 కిలోవాట్లలో 20 శాతం తీసి, 6,000 గంటలతో, యూనిట్ 8 రూపాయలతో గుణించి మూడున్నర లక్షలు ఆదా అని రాసేస్తాడు. కానీ స్క్రూ కంప్రెసర్ అన్‌లోడ్‌లో తిరుగుతున్నా పూర్తి లోడ్‌లో తీసుకునే కరెంటులో ఇంచుమించు 30 శాతం తింటుంది, ఇక్కడ దాదాపు 11 కిలోవాట్లు. లోడ్ తగ్గిన సమయంలో నిజంగా మిగిలేది 37కూ 11కూ ఉన్న తేడా, అంటే 26 కిలోవాట్లే. అందులో 20 శాతం 5.2 కిలోవాట్లు. ఏడాదికి సుమారు 31,000 యూనిట్లు, దాదాపు రెండున్నర లక్షల రూపాయలు. లక్ష తగ్గించి రాయడం వల్ల బేరం చెడుతుందని కొత్తవాళ్లు జంకుతారు. మూడు నెలల తర్వాత కరెంటు బిల్లు చూసేది ఆ యజమానే కాబట్టి, తగ్గించి రాసిన అంకే తర్వాతి పనిని తెచ్చిపెడుతుంది. లీకుల మరమ్మతుకు 90,000 రూపాయల కొటేషన్ ఇస్తే అది నాలుగైదు నెలల్లో తిరిగొస్తుందని లెక్క తేలుతుంది. ఇప్పుడు యజమాని ఎదుట ఉన్నది నాలుగు లక్షల గుడ్డి పందెం కాదు, కొలిచిన అంకె.

మరి ఇరవై వేలే ఎందుకు? మొదటి సంగతి, అది ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరినీ అడగకుండా సంతకం పెట్టగలిగే మొత్తం కావాలి. ప్లాంట్ మేనేజర్‌తో మాట్లాడుతూ లక్ష చెబితే ఫైలు యజమాని బల్ల మీదికి, అక్కడి నుంచి ఆయన బావమరిది దగ్గరికి పోతుంది. రెండోది, ఆడిటర్‌కు నష్టం రాకూడదు. ఆదివారం కొలత, మరో రోజు లైన్ పరిశీలన, రెండు రోజుల లెక్కలు, రాత కలిపి నాలుగు రోజుల పని. రోజుకు అయిదు వేలు పెద్ద సంపాదన కాకపోయినా, తర్వాతి కాంట్రాక్టు రాకున్నా చేతి డబ్బు పోదు. ఈ పనిలో నష్టపోయినవాడికి పెద్ద పని ఎలాగైనా అంటగట్టాలనే ఒత్తిడి పుడుతుంది, నివేదిక మొదట చెడేది అక్కడే.

ఊరికే చేస్తే ఇంకా సులువుగా ఒప్పుకుంటారు కదా అనిపించవచ్చు. ఒప్పుకుంటారు, కానీ ఆదివారం షట్టర్ తెరవడానికి మనిషి రాడు, ఏడాది కరెంటు బిల్లులు అడిగితే వచ్చే వారం చూద్దామంటారు. సగం ఫీజు ముందే కట్టినవాడు మాత్రం తన డబ్బు వసూలు చేసుకోవడానికైనా ఎలక్ట్రీషియన్‌ను పంపుతాడు. ఫీజు ఆడిటర్‌కూ ఓ పరీక్షే. ఇరవై వేల బిల్లుకు రెండు నెలలు తిప్పించుకునే సంస్థ నాలుగు లక్షలకు ఎన్ని నెలలు తిప్పుతుందో ముందే తెలిసిపోతుంది.

"ముందు రూపాయి వద్దు, మిగిలిన దాంట్లో వాటా ఇవ్వండి" అనే దారి కూడా ఉంది. దాని చరిత్ర పాతదే. 18వ శతాబ్దంలో జేమ్స్ వాట్, మాథ్యూ బౌల్టన్ తమ ఆవిరి యంత్రాన్ని ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ గనుల వాళ్లకు ఇలాగే ఇచ్చారు. పాత న్యూకోమెన్ యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు విలువలో మూడో వంతు వాళ్లకు చెల్లించాలి. బొగ్గు దొరకని ప్రాంతం కాబట్టి గనుల వాళ్లు మొదట ఎగబడ్డారు. యంత్రం ఎన్నిసార్లు ఆడిందో లెక్కించే మీటరును తాళం వేసిన పెట్టెలో ఉంచాల్సి వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వాటా భారమనిపించి కొందరు చెల్లింపులు ఆపేశారు, వ్యవహారం 1790లలో కోర్టులకెక్కింది. వాటా పద్ధతి భయాన్ని కొన్నవాడి నుంచి తీసి అమ్మినవాడి నెత్తిన పెడుతుంది. చిన్న ఫీజు ఆ భయాన్ని ఇద్దరికీ పంచి, వారంలో ముగిస్తుంది.

దీనికీ చిక్కులున్నాయి. అన్నిటికన్నా మామూలుది పని పరిధి పాకడం. "ఎలాగూ వచ్చారుగా, ఆ చిల్లర్ కూడా ఓసారి చూడండి" అంటారు. ఆ ఒక్కటీ చూస్తే మరో రెండు రోజులు పోతాయి, పైగా సగం కొలతతో చెప్పిన మాట రేపు తప్పని తేలితే అసలు నివేదిక మీద కూడా నమ్మకం పోతుంది. బాయిలర్, చిల్లర్, లైట్లు ఇందులో లేవని ఒప్పంద పత్రంలో ముందే రాసుకోవడం మొహమాటం లేని మార్గం.

రెండోది, నివేదిక మెయిల్లో పంపి ఊరుకోవడం. అది ఎవరూ తెరవని ఫైలై మిగులుతుంది. కలిసి కూర్చుని చదువుకునే రోజును ఒప్పందం రోజునే ఖాయం చేసుకోవాలి, ఆ రోజు డబ్బు మీద నిర్ణయం తీసుకునే మనిషి ఎదుట ఉండాలి.

ఒక్కోసారి కొలిచి చూస్తే లీకులు 8 శాతమే అని తేలుతుంది. అప్పుడు "మీ లైన్ బాగుంది, దీని మీద ఖర్చు పెట్టకండి" అని రాసిచ్చి ఫీజు తీసుకోవాలి. పెద్ద పని ఇస్తే ఈ ఫీజు అందులో తగ్గిస్తామని కొందరు ఆశ చూపుతారు. ఆకర్షణే కానీ, పని దొరికేలా నివేదిక రాయాలనే లోభం ఆడిటర్‌లో పెంచుతుంది. తగ్గింపు ఇవ్వకపోవడమే మేలనిపిస్తుంది.

సమస్య ఎదురుగా కనిపిస్తుంటే ఈ తతంగమే అక్కర్లేదు. మెయిన్ పైపు పగిలి గాలి ఈల వేస్తుంటే ఆడిట్ అమ్మడం అన్యాయం, ఫిట్టర్‌ను పిలవమని చెప్పాలి.

ఇలాంటి చిన్న ఆడిట్ కొనబోయే యజమానులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఏ రోజు, ఏ ఒత్తిడి దగ్గర, ఏ మీటరుతో, ఎన్నిసార్లు కొలిచారో నివేదికలో లేకపోతే మిగతా సగం ఫీజు కట్టే ముందు అవి రాయించుకోండి. మరమ్మతు అయ్యాక అదే పద్ధతిలో మళ్లీ కొలిస్తేనే మీ డబ్బు దేనికి పోయిందో తెలుస్తుంది.