ముప్పై లక్షలు ఎన్ని నెలలు?

హైదరాబాదులో ఇద్దరు మిత్రులు చిన్న క్లినిక్‌ల కోసం అపాయింట్‌మెంట్ యాప్ మొదలుపెట్టారనుకుందాం. చేతిలో 30 లక్షలున్నాయి. కంపెనీ రిజిస్ట్రేషన్, ల్యాప్‌టాప్‌లు వగైరాకు మొదట్లోనే 2 లక్షలు పోతాయి.

ఇక నెలవారీ ఖర్చు. వ్యవస్థాపకులకు తలా 40 వేలు, ఒక డెవలపర్‌కు 60 వేలు. జీతం తీసుకోకపోవడం గొప్పగా కనిపిస్తుంది కానీ, ఇంటద్దె కట్టలేని మనిషి ఆర్నెల్లకే ఉద్యోగం వెతుక్కుంటాడు. క్లౌడ్, ఇతర సాఫ్ట్‌వేర్లకు 15 వేలు. ఆఫీసు, ఆడిటర్‌కు 15 వేలు. ప్రచారానికి 30 వేలు. మొత్తం 2 లక్షలు. క్లౌడ్ కంపెనీ తొలి ఏడాది ఉచితంగా ఇచ్చినా ఆ బిల్లును లెక్కలో ఉంచాలి, గడువు తీరగానే అది మీద పడుతుంది.

28 లక్షలను 2తో భాగిస్తే 14 నెలలు. ఆగండి, జీతాలు పోగా మిగిలిన 60 వేల మీద 18 శాతం జీఎస్టీ 10,800 ఉంది. అమ్మకాలు లేనంతకాలం ఆ క్రెడిట్ చేతికి రాదు. కాబట్టి 13 నెలలే.

ప్రచారాన్ని విడిగా చూడాలి. 30 వేలకు పది క్లినిక్‌లు చేరితే ఒక్కోదానికి 3 వేలు పెట్టినట్టు. నెలకు వెయ్యి కట్టే క్లినిక్ రెండు నెలలకే మానేస్తే వెయ్యి నష్టం. అలాంటప్పుడు ప్రకటనలు పెంచడం కాదు, ఆపి ఎందుకు మానేశారో అడగాలి.

కొత్త పెట్టుబడికి ఆర్నెల్లు పట్టొచ్చు. అంటే ఏడో నెలలోనే తలుపులు తట్టాలి.