ఉప్పుడు బియ్యం మిల్లులో రాత్రి ఎవరిది?

భూపాలపల్లిలో చిన్నపిల్లాడు కూడా ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు అని చెప్పేస్తాడు. చుట్టూ సింగరేణి గనులు, పక్కన చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. సింగరేణిలో ఎవరైనా నాగా పెడితే ఆ చోట దిగడానికి బదిలీ వర్కర్లు ఉంటారు. జనగామలోనో మహబూబాబాద్‌లోనో ఓ చిన్న బాయిల్డ్ రైస్ మిల్లుకు ఆ వెసులుబాటు లేదు. షిఫ్టుకు నలుగురుంటే నలుగురే. ఒకడు రాకపోతే, అప్పటికే ఎనిమిది గంటలు చేసినవాడు డబుల్ డ్యూటీలో పడతాడు. అందుకే ఎవరి షిఫ్టు వారికే ఉంచాలా, అందరినీ తిప్పాలా అన్న ప్రశ్న పెద్ద కంపెనీల కన్నా ఇలాంటి చోటే గట్టిగా తగులుతుంది.

ఈ మిల్లు రాత్రిపూట ఎందుకు ఆగదో ముందు చూద్దాం. ధాన్యాన్ని వేడినీళ్లలో గంటల తరబడి నానబెట్టి, ఆవిరి పట్టించి, డ్రయ్యర్‌లో ఆరబెట్టాకే మర పడతారు. నానిన ధాన్యాన్ని మధ్యలో వదిలేస్తే పులిసి వాసన కొడుతుంది. పైగా బాయిల్డ్ పని ఎక్కువగా పడేది యాసంగి ధాన్యానికి, ఎందుకంటే ఎండల్లో కోసిన ఆ ధాన్యాన్ని పచ్చిగా ఆడిస్తే నూకలు ఎక్కువ వస్తాయి. అంటే రాత్రి పని జోరందుకునేది మే నెల ఎండల్లో. నైట్ చేసి వచ్చినవాడు పగలు రేకుల ఇంట్లో పడుకోవాలి.

శరీరం సంగతి వేరు. మెదడులో ఉండే గడియారం ముఖ్యంగా వెలుగును బట్టి నడుస్తుంది. దాన్ని జరపాలంటే సుమారుగా రోజుకు ఒక గంట జరుగుతుంది. నిద్రవేళను ఎనిమిది గంటలు మార్చిన మనిషికి పూర్తిగా సర్దుకోవడానికి వారం పైనే కావాలి. వారం వారం షిఫ్టు మార్చే పద్ధతిలో ఉన్న చిక్కు ఇదే. సగం సర్దుకున్న మనిషిని మళ్లీ లేపి ఇంకో షిఫ్టులో వేస్తాం.

మరి ఎప్పుడూ నైట్ చేసేవాడికి రాత్రి అలవాటైపోదా? మిల్లు యజమానులు ఎక్కువగా నమ్మేది దీన్నే. బ్రిటన్ పరిశోధకుడు సైమన్ ఫోకార్డ్ 2008లో శాశ్వత నైట్ వర్కర్ల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, శరీర గడియారం పూర్తిగా రాత్రికి మారినవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. తెల్లారి ఇంటికి వెళ్లే దారిలో ఎండ తగులుతుంది, సెలవు రోజున పెళ్లో పండగో ఉంటుంది, గడియారం తిరిగి పగటికి వచ్చేస్తుంది. వరుస రాత్రుల అలసట పేరుకుంటుంది కూడా. ఫోకార్డ్, టక్కర్‌ల లెక్కలో మొదటి రాత్రితో పోలిస్తే నాలుగో రాత్రి ప్రమాదాల ముప్పు సుమారు 36 శాతం ఎక్కువ.

తిప్పడమే తప్పనిసరైతే ఎటు తిప్పాలి? దీనికి పేరున్న ప్రయోగం అమెరికాలోని ఉటా రాష్ట్రంలో ఒక పొటాష్ కర్మాగారంలో జరిగింది. ఛార్లెస్ సీస్లర్ బృందం 1982లో సైన్స్ పత్రికలో దాన్ని ప్రచురించింది. అక్కడ వారానికోసారి వెనక్కి తిరిగే షిఫ్టులు, అంటే రాత్రి, మధ్యాహ్నం, ఉదయం అన్న వరుస ఉండేది. దాన్ని ముందుకు, ఉదయం నుంచి మధ్యాహ్నానికి, అక్కడి నుంచి రాత్రికి తిప్పి, వారానికి బదులు మూడు వారాలకోసారి మార్చారు. కార్మికుల సంతృప్తి, ఆరోగ్యం, ఉత్పత్తి మూడూ మెరుగయ్యాయి. ఆలస్యంగా పడుకోవడం శరీరానికి సులువు, తొందరగా పడుకోవడం కష్టం. మన లోపలి గడియారం సహజంగా 24 గంటల కన్నా కాస్త ఎక్కువ తీసుకోవడమే దీనికి కారణం.

దీన్ని మన మిల్లుకు అన్వయిద్దాం. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 గంటలకు మారే మూడు షిఫ్టులు, షిఫ్టుకు నలుగురు, ఆదివారం ఉదయం నుంచి సోమవారం ఉదయం దాకా బంద్. పన్నెండు మంది, మూడు జట్లు. ముందుకు తిప్పితే ఉదయం జట్టు మధ్యాహ్నానికి వెళ్లేటప్పుడు 48 గంటల విరామం దొరుకుతుంది. మధ్యాహ్నం జట్టు రాత్రికి వెళ్లేటప్పుడూ అంతే. రాత్రి జట్టు ఉదయానికి వచ్చేటప్పుడు మాత్రం 24 గంటలే. వెనక్కి తిప్పితే ఆ విరామాలు 32, 32, 56 అవుతాయి. రెండింటా మొత్తం 120 గంటలే. ముందుకు తిప్పడంలో ఇరుకు ఒక్కచోట పోగవుతుంది. ఆదివారం పొద్దున నైట్ దిగినవాడు సోమవారం తెల్లవారక ముందే లేవాలి. చట్టం దీన్ని తప్పు పట్టదు. నైట్ షిఫ్టువాడికి సెలవంటే షిఫ్టు దిగినప్పటి నుంచి 24 గంటలు అని అందులో ఉంది, అది సరిగ్గా సరిపోయింది. ఒంటికే సరిపోలేదు.

ఆ ఇరుకును కొంత విప్పే ఉపాయం ప్రణాళికలో ఉంది. శనివారం సాయంత్రం తర్వాత కొత్త ధాన్యం నానబెట్టకుండా ఉంటే, ఆ రాత్రి మిగిలేది ఆరబెట్టడమే. ఇద్దరిని ముందే ఇంటికి పంపవచ్చు, వాళ్లకు అర్ధరాత్రి తర్వాతైనా చీకటిలో నిద్ర దొరుకుతుంది. మిగతా ఇద్దరి వంతు వచ్చేసారి.

ఇంకా మేలైన పద్ధతి రెండు ఉదయాలు, రెండు మధ్యాహ్నాలు, రెండు రాత్రులు, రెండు సెలవులు. శరీరాన్ని రాత్రికి మార్చాలన్న ప్రయత్నమే ఇందులో లేదు. మూడో రాత్రి రాకముందే నైట్ అయిపోతుంది, ఆ తర్వాత రెండు రోజుల సెలవు. కానీ మూడు జట్లతో కుదరదు, నాలుగు కావాలి. పన్నెండు మంది పదహారు అవుతారు, మిల్లు ఆదివారం కూడా నడుస్తుంది. ఏడాది పొడవునా పని దొరికే మిల్లయితే నేను దీనికే ఓటేస్తాను. రెండు నెలల సీజన్‌కు అయితే నలుగురు కొత్తవాళ్లకు పని నేర్పేలోపే సీజన్ అయిపోతుంది. అప్పుడు ఇష్టపడి వచ్చేవాళ్లతో స్థిరమైన నైట్ పెట్టుకోవడమే నయం.

'ఇష్టపడి' అన్నచోట జాగ్రత్త అవసరం. నైట్ కావాలని అడిగేవాళ్లలో ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లు ఉంటారు. రాత్రి మిల్లు, పగలు పొలం. వాళ్లకు స్థిరమైన నైట్ వరం, నిద్రే ఉండదు. మిల్లు గదుల్లోనే ఉండే బీహార్ కూలీలకు నైట్ కట్టబెట్టడం ఇంకో రకం. వాళ్లు అడగరు, మేస్త్రీ చెప్పింది చేస్తారు. స్థానికులకు పగలు, వాళ్లకు రాత్రి అని ఒకసారి ఖాయమైతే ఆ గీత మిల్లులో అన్ని విషయాల్లోకీ పాకుతుంది. తిప్పడంలో అలసట ఉన్నా 'అందరికీ ఒకటే' అన్న తృప్తి ఉంటుంది.

ఇన్ని చిక్కులు ఎందుకని పన్నెండు గంటల షిఫ్టులు రెండు పెట్టేవాళ్లున్నారు. ఎనిమిది మందితో పని అయిపోతుంది. ఆరు రోజులకు మనిషికి 72 గంటలు. వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలి కనుక మనిషికి 96 గంటల జీతం, ఎనిమిది మందికి 768. మూడు షిఫ్టుల పన్నెండు మందికి 576 గంటలే. పన్నెండు గంటల షిఫ్టు చవగ్గా కనిపిస్తోందంటే ఓవర్‌టైం రెట్టింపు ఇవ్వడం లేదన్నమాట.

ఏ పద్ధతి పెట్టినా అది పనిచేస్తోందో లేదో తెల్లవారుజాము మూడు నుంచి ఐదు మధ్య తేమ రిజిస్టర్ చెబుతుంది. పగలు 14.3, 13.8, 14.1 అని మారుతూ వచ్చే అంకెలు ఆ రెండు గంటల్లో వరుసగా 14, 14, 14 అని ఒకే సిరాతో ఉంటే, మీటర్ ఎవరూ పట్టలేదు. నూకల శాతాన్ని షిఫ్టుల వారీగా రాసి పెట్టుకుంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

బాయిలర్ దగ్గర మాత్రం ఇంత తీరిక లేదు. నీటి మట్టం చూపే గాజు గొట్టం మీద కన్ను తప్పితే, నీళ్లు తగ్గిన బాయిలర్ ప్రమాదమే. బాయిలర్ ఆపరేటర్‌కు సర్టిఫికెట్ ఉండాలి కనుక హమాలీనో డ్రయ్యర్ కుర్రాడినో అతని చోట కూర్చోబెట్టలేం. మూడు షిఫ్టులకు సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఇద్దరే ఉన్న మిల్లులో, గోడ మీద ఎంత చక్కటి షిఫ్టు పట్టిక అంటించినా, ఆ ఇద్దరూ పన్నెండేసి గంటలే చేస్తుంటారు. మేడారం జాతర వారంలో ఇద్దరిలో ఒకరు సెలవడిగితే మిల్లు ఆపాల్సిందే. అందుకని పట్టిక గీయడం మూడో ఆపరేటర్‌ను వెతకడంతో మొదలవ్వాలి. ఆ ముగ్గురినీ ముందుకు తిప్పాక మిగతా తొమ్మిది మందిని వాళ్ల వెంట సర్దడం ఒక పూట పని.