ఆఫర్ లెటర్ కంపెనీది, ఖాతా ఇంకెవరిదో

ఉద్యోగం పేరుతో డబ్బు గుంజేవాళ్లు మొదటి ఫోన్‌లోనే డబ్బు అడగరు. ముందు నమ్మకం కుదురుస్తారు. జాబ్ పోర్టల్‌లో పెట్టిన రెజ్యూమె చేతికి చిక్కితే అభ్యర్థి పేరు, కాలేజీ, పాసైన ఏడాది, నేర్చుకున్న కోర్సులు అన్నీ వాళ్లకు తెలిసిపోతాయి. అవతలి మనిషి ఆ వివరాలు చదివి వినిపిస్తుంటే, నిజంగానే కంపెనీ నుంచి మాట్లాడుతున్నారని ఎవరికైనా అనిపిస్తుంది.

హైదరాబాద్ అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్న ఒక బీటెక్ కుర్రాడికి అలాగే ఫోన్ వచ్చింది. పేరున్న కంపెనీ హెచ్‌ఆర్ విభాగం నుంచి అన్నారు. మర్నాడు ఫోన్‌లోనే ఇంటర్వ్యూ చేశారు. బగ్ రిపోర్టులో ఏమేం రాయాలి, రిగ్రెషన్ టెస్టింగ్ ఎప్పుడు చేస్తారు అని సరైన ప్రశ్నలే అడిగారు. సాయంత్రానికి లోగో, స్టాంపు, సంతకంతో ఆఫర్ లెటర్ మెయిల్‌కి వచ్చింది. ఆధార్, పాన్, మార్కుల మెమోలు పంపమంటే పంపేశాడు. ఆ తర్వాతే అసలు మాట బయటికొచ్చింది. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు డిపాజిట్‌గా 14,500 రూపాయలు కట్టాలి, మొదటి జీతంతో తిరిగి ఇస్తారు, సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది.

తండ్రి చేబదులు తెచ్చి డబ్బు పంపాడు. కుర్రాడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అంకె కొట్టాడు. పిన్ నొక్కబోతూ పైన ఉన్న పేరు చూశాడు. అక్కడ కంపెనీ పేరు లేదు. ఎవరో వ్యక్తి పేరు ఉంది.

ఆ పేరు ఊరికే కనిపించేది కాదు. వ్యక్తుల మధ్య జరిగే యూపీఐ చెల్లింపుల్లో, డబ్బు అందుకునేవారికి బ్యాంకు ఖాతాలో ఉన్న పేరునే చూపాలని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025లో యాప్‌లను ఆదేశించింది. ఫోన్‌లో ఏ పేరుతో సేవ్ చేసుకున్నా, అవతలివాళ్లు ఏ పేరు పెట్టుకున్నా అది లెక్కలోకి రాదు.

అతను ఫోన్ చేసి అడిగాడు: “సర్, కంపెనీ పేరు రావట్లేదండీ.”

“అది మా ఫైనాన్స్ మేనేజర్ గారి అకౌంటండీ. ఐదింటిలోగా కట్టకపోతే మీ ఆఫర్ క్యాన్సిల్ అయిపోతుంది.”

ఈ జవాబుతో అనుమానం తగ్గకపోగా పెరిగింది. ఇంత పెద్ద కంపెనీ ఒక ఉద్యోగి సొంత ఖాతాలోకి డబ్బు ఎందుకు తీసుకుంటుంది? అప్పుడు మెయిల్ మళ్లీ తెరిచి, పంపినవారి పేరు కింద దాక్కున్న అసలు అడ్రసు చూశాడు. ఇక్కడ తేడా కనిపెట్టడం తెలియాలి. ఒక కంపెనీ వెబ్‌సైట్ `example.com` అనుకుంటే, `careers.example.com` అనే చిరునామాను ఆ కంపెనీయే సృష్టించగలదు. `example-careers.com` అలా కాదు. అది పూర్తిగా వేరే డొమైన్, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. చివరి `.com`కు ముందున్న మాట మొత్తం కంపెనీ డొమైన్‌తో అచ్చంగా సరిపోవాలి, మధ్యలో గీత ఉన్నా అనుమానించాలి. అతనికి వచ్చిన మెయిల్ ఈ రెండో రకం. `lookup.icann.org`లో ఆ డొమైన్ పేరు కొడితే, రిజిస్టరై నెల కూడా కాలేదని తేలింది. ఏళ్ల తరబడి నడుస్తున్న కంపెనీకి నెల వయసు కూడా లేని చిరునామా ఉండటం అతనికి ఆఖరి రుజువైంది. డబ్బు కట్టలేదు. కట్టి ఉంటే ఆ 14,500తో ఆగేది కాదు. వెరిఫికేషన్, ట్రైనింగ్ అంటూ మరో ఫీజు వచ్చేది.

పేరు సరిపోయినంత మాత్రాన అంతా సవ్యమేననుకోవడానికీ లేదు. కంపెనీ పేరును పోలిన పేరుతో కరెంట్ ఖాతా తెరిచేవాళ్లూ ఉన్నారు. అందుకని మెయిల్‌లో ఉన్న లింకునో ఫోన్ నంబరునో నమ్మకుండా, కంపెనీ వెబ్‌సైట్‌ను సొంతంగా తెరిచి, అందులోని కెరీర్స్ పేజీలో ఆ ఉద్యోగం ఉందో లేదో చూడాలి. అక్కడున్న నంబరుకే ఫోన్ చేయాలి. అసలు ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడగడమే చాలు, ఆ ఆఫర్‌ను పక్కన పెట్టడానికి.

ఈ కుర్రాడి డబ్బు మిగిలింది గానీ, ఆధార్, పాన్ కాపీలు మోసగాళ్ల దగ్గరే ఉండిపోయాయి. వాటితో అతని పేరున అప్పు తీసుకునే ప్రమాదం ఉంది. కాబట్టి ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేసి, కొన్ని నెలల పాటు క్రెడిట్ రిపోర్టులో తెలియని అప్పు ఏదైనా కనిపిస్తుందేమో చూస్తూ ఉండాలి.

డబ్బు కట్టేసినవాళ్లు సిగ్గుపడి ఊరుకోవద్దు. ఆ సొమ్ము త్వరత్వరగా ఖాతా నుంచి ఖాతాకు మారిపోతుంది. మధ్యలో ఎక్కడైనా బ్యాంకు ఆపగలిగితేనే దక్కుతుంది. వెంటనే 1930కి ఫోన్ చేసి లావాదేవీ నంబరు చెప్పండి, `cybercrime.gov.in`లో ఫిర్యాదు నమోదు చేయండి. మెయిల్, చాట్, ఆఫర్ లెటర్ దేన్నీ తొలగించకండి.