స్టేట్‌మెంట్‌లో బట్టల కొట్టు, అసలు సంగతి పందెం

నెలాఖరున వచ్చిన క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో ఒక వరస: `XYZ TRADING LIMASSOL CY`. ఎదురుగా 20,000 రూపాయలు. కింద వేరే వరసల్లో 700, 126. లిమాసోల్ సైప్రస్ దేశంలోని రేవు పట్నం. విజయవాడలో ఉద్యోగం చేసుకునే ఒకాయన కార్డు మీద ఈ వరస పడిందనుకుందాం. ఆయన సైప్రస్ నుంచి ఏమీ కొనలేదు. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి, ఇది నాది కాదు, నా డబ్బు నాకు వెనక్కి వేయండి అంటాడు. అవతలి గొంతు తాపీగా అడుగుతుంది: "ఓటీపీ మీ నంబరుకే వచ్చింది కదా సార్?"

ఓటీపీ వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు ఐపీఎల్ రోజుల్లో ఆ ఫోన్ తీసుకుని ఒక విదేశీ బెట్టింగ్ సైటులో 200 యూరోలు వేశాడు. పేరూ ఊరూ మార్చి చెబుతున్న ఊహాకథే ఇది. కానీ బ్యాంకుల డిస్ప్యూట్ విభాగంలో పనిచేసేవాళ్లకు ఇలాంటి కథ కొత్తేమీ కాదు.

ముందు ఆ వరసను చదవడం నేర్చుకుందాం. కార్డు గీసినప్పుడో, నంబరు కొట్టినప్పుడో వ్యాపారి వైపు నుంచి మన బ్యాంకుకు ఒక సందేశం వస్తుంది. అందులో వ్యాపారి వివరాలకు కేటాయించిన చోటు మొత్తం 40 అక్షరాలే. పేరుకు 25, ఊరికి 13, దేశానికి 2. స్టేట్‌మెంట్‌లో కనబడేది ఆ ముక్కే. అది బోర్డు మీది పేరే కానక్కరలేదు. డబ్బు పుచ్చుకునే కంపెనీ రిజిస్టరైన పేరు కావచ్చు, మధ్యలో ఉన్న పేమెంట్ సంస్థ పేరు కావచ్చు. అందుకే సైటు పేరు ఒకటి, స్టేట్‌మెంట్‌లో పేరు ఇంకొకటి. కింది రెండు వరసలూ విదేశీ కరెన్సీ ఖర్చులు. లెక్క సులువుగా ఉండటానికి యూరో వంద రూపాయలనుకుంటే 200 యూరోలు 20,000. దాని మీద 3.5 శాతం మార్కప్ 700. ఆ 700 మీద 18 శాతం జీఎస్టీ 126. మొత్తం 20,826.

స్టేట్‌మెంట్‌లో సాధారణంగా కనబడనిది ఇంకొకటి ఉంది, అసలు కీలకం అదే. ప్రతి వ్యాపారికీ నాలుగంకెల వర్గం కోడ్ ఉంటుంది. దాన్ని వాళ్ల భాషలో ఎంసీసీ అంటారు. పందాలు, కాసినోలు, లాటరీ టికెట్ల కోడ్ 7995. సందేశంలో ఆ నంబరు కనబడితే మన దేశంలో చాలా బ్యాంకులు లావాదేవీని అక్కడికక్కడే తిప్పికొడతాయి. అమెరికాలో పందాలు చట్టబద్ధమైన రాష్ట్రాల్లోనూ కొన్ని బ్యాంకులు ఒప్పుకోవు. ఒప్పుకున్నవి దాన్ని కొనుగోలుగా కాక నగదు తీసుకున్నట్టు లెక్కకడతాయి. విడిగా ఫీజు వేస్తాయి, వడ్డీ మొదటి రోజునుంచే మొదలవుతుంది. అక్కడున్న మనవాళ్ల స్టేట్‌మెంట్‌లో 'క్యాష్ అడ్వాన్స్ ఫీ' అని ఉన్నట్టుండి కనబడితే ఒక కారణం ఇదే కావచ్చు. బ్రిటన్ 2020 ఏప్రిల్ 14 నుంచి జూదానికి క్రెడిట్ కార్డు వాడకాన్నే నిషేధించింది.

మరి విజయవాడ కార్డు మీద ఆ చెల్లింపు ఎలా దాటింది? ఎక్కువ అవకాశమున్న దారి ఇది. సందేశంలో 7995 లేదు. ఏదో బట్టలకొట్టు కోడో, సాఫ్ట్‌వేర్ కోడో ఉంది. ఇది పాత విద్యే. 2011 ఏప్రిల్‌లో అమెరికా న్యాయశాఖ మూడు పెద్ద ఆన్‌లైన్ పోకర్ కంపెనీల మీద కేసు పెట్టినప్పుడు బయటపడిన సంగతి: ఆటగాళ్ల డబ్బును నగలు, గోల్ఫ్ బంతులు అమ్ముతున్నట్టు చూపే లేని దుకాణాల పేర్లతో బ్యాంకులు దాటించారు. 2017లో రాయిటర్స్ విలేఖరులు బట్టలు, మ్యాపులు, గిఫ్ట్ కాగితాలు అమ్ముతున్నట్టు నటించే సైట్లను పట్టుకున్నారు. వాటి వెనక జరిగేది జూదం చెల్లింపులే.

ఇక్కడే మన ఉద్యోగికి ఒక తెలివైన ఆలోచన వస్తుంది. 'బట్టల కొట్టు అని రాసుంది కదా, నాకు బట్టలు రాలేదు. అదే రాసిస్తే సరి.' చూడటానికి బాగుంది, నిలబడటం మాత్రం కష్టం. ఎందుకో చెప్పాలంటే చార్జ్‌బ్యాక్ ఏమిటో చూడాలి. డబ్బు వెనక్కి రాబట్టడానికి మన బ్యాంకు వ్యాపారి బ్యాంకు మీద వేసే దావాలాంటిది అది. జడ్జి స్థానంలో ఉండేది వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ నిబంధనల పుస్తకం. 'నాకు అన్యాయం జరిగింది' అనే మాటకు అందులో చోటు లేదు. ఉన్నవి కొన్ని ఖానాలు మాత్రమే: కార్డుదారు చేయలేదు, చెల్లించినది రాలేదు, వచ్చింది చెప్పినట్టు లేదు, ఒకే చార్జీ రెండుసార్లు పడింది, ఒప్పుకున్న వాపసు రాలేదు. మన ఫిర్యాదు వీటిలో ఏదో ఒకదానిలో కూర్చోవాలి.

ఇప్పుడు పందెం డబ్బును ఆ ఖానాల్లో పెట్టి చూడండి. కొడుకు 200 యూరోలు వేసి కొన్నది గెలుపు కాదు. ఆట ఖాతాలో 200 యూరోల నిల్వ. అది సెకన్లలో వచ్చేసింది. సరుకు అందింది, వ్యవహారం ముగిసింది. ఆ నిల్వతో ఆడి ఓడటం తర్వాతి సంగతి. మాస్టర్‌కార్డ్ నిబంధనలు దీన్ని విడమరిచే చెబుతాయి: జూదానికి కొన్న విలువను ఎలా వాడారు, ఎంత మిగిలింది, దాన్ని వెనక్కి తీసుకోలేకపోయారా అన్నవాటి మీద కార్డు బ్యాంకుకు చార్జ్‌బ్యాక్ హక్కు లేదు. నాకు కాస్త కటువుగా అనిపించేది ఈ చివరి ముక్కే. గెలిచిన డబ్బు ఇవ్వకుండా సతాయించే సైట్లు ఎన్నో ఉన్నాయి. కానీ కార్డు మీద వెళ్లింది డిపాజిట్, రావలసింది గెలుపు. ఈ రెండూ వేరు వేరు లావాదేవీలని నెట్‌వర్క్ లెక్క.

బట్టలు రాలేదన్న వాదన కూడా అందుకే తేలిపోతుంది. వ్యాపారి బ్యాంకు జవాబుగా ఒక కట్ట పంపుతుంది. అందులో ఆట ఖాతా తెరిచిన పేరు, ఈమెయిలు, లాగిన్ అయిన ఐపీ అడ్రసు, ఫోన్ గుర్తింపు, డిపాజిట్ పడిన నిమిషం, తర్వాత వేసిన పందాల చిట్టా, ఒక్కోసారి అదే కార్డుకు తిరిగి పంపిన చిన్న గెలుపు కూడా ఉంటాయి. తప్పుడు కోడ్ వేసినందుకు నెట్‌వర్క్ వ్యాపారి బ్యాంకు మీద జరిమానా వేయవచ్చు. ఆ జరిమానా కార్డుదారు జేబులోకి రాదు. పైగా కార్డుదారు బ్యాంకుకు ఇచ్చేది సంతకం పెట్టిన ఫారం. కొడుకు చేశాడని తెలిసీ 'నేను చేయలేదు, మా ఇంట్లో ఎవరూ చేయలేదు' అని రాసిస్తే అది అబద్ధపు వాంగ్మూలం.

'నేను చేయలేదు' అన్న ఖానా సంగతి చూద్దాం. ఇక్కడ ఓటీపీ అంతా తేల్చేస్తుంది. ఓటీపీతో సాగిన ఆన్‌లైన్ లావాదేవీలో మోసం నష్టం సాధారణంగా వ్యాపారి మీద నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకు మీదికి మారుతుంది. కాబట్టి మోసం పేరుతో అవతలివాళ్లను అడిగే దారి మన బ్యాంకుకు మూసుకుపోతుంది. ఇక మిగిలేది బ్యాంకుకూ ఖాతాదారుకూ మధ్య లెక్క. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, బయటివాళ్లు చేసిన అనధికార లావాదేవీని సమాచారం అందిన 3 పనిదినాల్లోపు చెబితే ఖాతాదారు మీద భారం ఉండదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే పరిమితంగా ఉంటుంది. కానీ పిన్, ఓటీపీ లాంటివి తానే పంచుకున్న నిర్లక్ష్యం వల్ల నష్టం వస్తే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగినదంతా ఆయనదే. నాన్న ఫోన్ కొడుకు చేతిలో ఉండటాన్ని బ్యాంకు సరిగ్గా ఈ కోవలోనే వేస్తుంది.

ఓటీపీ లేకుండా పోయి ఉంటే? విదేశీ సైట్లలో అది జరుగుతుంది, ఎందుకంటే ఓటీపీ తప్పనిసరన్న మన నియమం వాళ్లకు వర్తించదు. అప్పుడు వాదన చాలా బలంగా ఉంటుంది. అయినా ఒక మెలిక ఉంది. వీసా 2023 ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్న పద్ధతిలో, అదే కార్డు మీద అదే వ్యాపారి దగ్గర 120 రోజులకు ముందు జరిగిన, ఎవరూ ప్రశ్నించని రెండు పాత లావాదేవీలను వ్యాపారి చూపి, వాటి ఐపీ అడ్రసో, ఫోన్ గుర్తింపో, మరొక వివరమూ ఇప్పటిదానితో సరిపోతే మోసం ఆరోపణ వీగిపోతుంది. కిందటేడు రెండు చిన్న చార్జీలు పడినప్పుడు 'ఐదొందలే కదా' అని వదిలేసినవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

'ఆన్‌లైన్ జూదమే నిషేధం కదా, మరి డబ్బు తిరిగి రావద్దా?' అని చాలామంది అడుగుతారు. ఆంధ్ర, తెలంగాణల్లో ఎప్పటినుంచో నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. శిక్షలు ఆట నడిపేవాళ్లకూ, ప్రకటనలు ఇచ్చేవాళ్లకూ, డబ్బు దాటించేవాళ్లకూ ఉన్నాయి. కానీ చట్టవిరుద్ధమన్నది చార్జ్‌బ్యాక్ ఖానాల్లో లేదు. పైగా లాటరీ టికెట్లు, స్వీప్‌స్టేక్స్ లాంటివాటికి విదేశాలకు డబ్బు పంపడాన్ని 2000 నాటి ఫెమా నియమాలే నిషేధించాయి. కాబట్టి ఆ వాదన ఎత్తితే ముందు జవాబు చెప్పాల్సింది పంపినవాడే. యూపీఐలో ఎవరో వ్యక్తి ఖాతాకు నేరుగా పంపిన డిపాజిట్లకైతే కార్డులకున్న ఈ చార్జ్‌బ్యాక్ దారి కూడా ఉండదు.

అయినా కొన్ని డిస్ప్యూట్లు గెలుస్తాయి. కార్డు వివరాలు నిజంగానే దొంగిలించి ఓటీపీ లేకుండా వాడినవి. 200 ఒక్కసారి వేస్తే రెండుసార్లు కోసినవి. డబ్బు పోయింది కానీ ఆట ఖాతాలో నిల్వ పడనివి. వాపసు చేస్తామని సైటు రాతపూర్వకంగా ఒప్పుకుని పంపనివి. మన ఉద్యోగి స్టేట్‌మెంట్‌లో అదే రోజు, అదే మొత్తంతో రెండు వరసలుండి, కొడుకు ఖాతాలో ఒక్క డిపాజిటే ఉంటే, రెండో 20,000 మీద కేసు గట్టిది. ఆట ఖాతా డిపాజిట్ల పేజీ ఫొటో, సైటుకు రాసిన మెయిలు, వాళ్లిచ్చిన జవాబు జతచేసి, 'మొదటిది మేం చేసిందే, రెండోది పొరపాటున పడింది' అని నిజమే రాయాలి. చాలా ఖానాలకు నెట్‌వర్క్ గడువు 120 రోజుల దాకా ఉన్నా, బ్యాంకు తన పని చేసుకోవడానికి ముందే చెప్పాలి.

బ్యాంకు కుదరదంటే, ఏ ఖానాలో వేసింది, అవతలివాళ్లు ఏం పంపారు అని రాతపూర్వకంగా అడగవచ్చు. ఫిర్యాదు చేసి 30 రోజులైనా తేలకపోతే, లేదా తిరస్కరిస్తే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in` లో రాయవచ్చు. దొంగతనమైతే 1930కి ఆ రోజే ఫోన్ చేయాలి. వీటన్నిటికంటే ముందు చేయాల్సింది కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోవడం, బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకాన్ని ఆపేయడం. డిస్ప్యూట్ నడుస్తున్నంతకాలం ఆ కార్డు నంబరు సైటు దగ్గరే భద్రంగా ఉంటుంది.