హర్ష అంటే సారా, మేడమా?

ఉద్యోగ ప్రకటన కింద ఒకే పేరు ఉందనుకుందాం: కొల్లి హర్ష, టాలెంట్ అక్విజిషన్. రెజ్యూమె సిద్ధంగా ఉంది. మెయిల్ మొదటి వరుస దగ్గరే చెయ్యి ఆగుతుంది. హర్ష అబ్బాయైనా కావచ్చు, అమ్మాయైనా కావచ్చు. కిరణ్, తులసి పేర్లతోనూ ఇదే చిక్కు. హోదా సంగతీ తెలియదు. నిన్న చేరినవాళ్లూ, విభాగం మొత్తాన్ని నడిపేవాళ్లూ టాలెంట్ అక్విజిషన్ అనే రాసుకుంటారు. ఎందుకైనా మంచిదని మనవాళ్లు 'రెస్పెక్టెడ్ సర్' అని కొట్టేస్తారు. చదివేది ఆవిడైతే మర్యాద కోసం పెట్టిన మాటే ముందు గుచ్చుకుంటుంది.

పోనీ 'డియర్ మిస్టర్ హర్ష' అందామా? ఇంగ్లిష్‌లో మిస్టర్, మిజ్ లాంటివి ఇంటిపేరుకు తగిలించేవి. మనమేమో ఇంటిపేరు ముందు రాస్తాం, కంపెనీల ఫారాలేమో అసలు పేరు ముందు అడుగుతాయి. అందుకే తెర మీద కనిపించే రెండు మాటల్లో ఏది ఏదో ఒక్కోసారి మనకే తేలదు. తొందరపడి 'డియర్ కొల్లి' అంటే ఊళ్లో ఎవరినో ఇంటిపేరు పెట్టి కేకేసినట్టుంటుంది.

దీనికి సులువైన దారి ఒకటుంది. వాళ్లు రాసుకున్న వరుసలోనే పూర్తి పేరు పెట్టి, ముందు ఏ బిరుదూ తగిలించకుండా 'డియర్ కొల్లి హర్ష,' అంటే సరిపోతుంది. ఆడా మగా అన్న ఊహా అక్కర్లేదు, ఇంటిపేరేదన్న లెక్కా అక్కర్లేదు. అంతకుముందు కంపెనీ వెబ్‌సైటూ, లింక్డ్‌ఇన్ పేజీ ఒకసారి చూడటం మంచిదే. కొందరు అక్కడ తమను ఎలా ప్రస్తావించాలో పేరు పక్కనే రాసుకుంటారు. ఆవిడేనని రూఢి అయితే 'మిజ్' వాడొచ్చు. పెళ్లయిందా లేదా అన్నది అందులో రాదు. 'మిసెస్' జోలికి మాత్రం పోవద్దు.

కాలేజీ అధ్యాపక పోస్టులకు ఈ తంటా తక్కువ. డాక్టరేట్ ఉందని సంస్థ పేజీలో కనిపిస్తే 'డియర్ డాక్టర్' అని ఇంటిపేరు, అదేదో తేలకపోతే పూర్తి పేరు రాయాలి. ఆ పిలుపు ఇద్దరికీ వర్తిస్తుంది.

అసలు పేరే లేకుండా కెరీర్స్ విభాగం చిరునామా ఒక్కటే ఇస్తే 'డియర్ హైరింగ్ టీమ్,' చాలు. 'డియర్ సర్ ఆర్ మేడమ్' తప్పేం కాదు, పాతకాలపు వాసన వేస్తుందంతే. ప్రభుత్వ కార్యాలయానికైతే అదే నప్పుతుంది. 'టు హూమ్ ఇట్ మే కన్సర్న్' చోటు వేరు. ఎవరి చేతికి వెళ్తుందో తెలియని అనుభవ ధ్రువపత్రాల మీద ఉండాల్సిన మాటను దరఖాస్తులోకి లాక్కురావడం నాకు నచ్చదు.

హోదా చిక్కు చాలావరకు జవాబుతోనే విడిపోతుంది. కింద 'హర్ష' అని ఒక్క మాటే సంతకంగా ఉంటే తర్వాతి మెయిల్‌లో 'డియర్ హర్ష' అనొచ్చు. పూర్తి పేరూ, హోదా పెట్టి ముక్తసరిగా రాస్తే మనమూ పూర్తి పేరుతోనే కొనసాగాలి. వాళ్లు 'హాయ్' అని మొదలుపెట్టేదాకా మనం మొదలుపెట్టకూడదు.