శనివారం గది, మంగళవారం గది

డిసెంబరులో అరకు లోయకు దారంతా కార్లే. కొండవాలుల్లో వలిసె పూలు పచ్చగా విరబూస్తాయి, తెల్లవారుజామున మంచు కురుస్తుంది, విశాఖపట్నం అక్కడికి సుమారు 115 కిలోమీటర్లే. శుక్రవారం సాయంత్రం బయల్దేరినవాళ్లు శనివారం రాత్రి గది కోసం గేటు గేటుకీ తిరుగుతారు. అదే గెస్ట్‌హౌస్‌లో మంగళవారం రాత్రి వెలిగే దీపం ఒకటో రెండో. అయినా చిన్న గెస్ట్‌హౌస్‌లు చాలా వరకు వారమంతా ఒకటే రేటు చెబుతాయి. అందువల్ల నష్టం రెండువైపులా వస్తుంది.

ఆ నష్టం ఎంతో తెలియాలంటే ముందు ఒక గదిలో ఒక రాత్రి మనిషి ఉంటే అదనంగా అయ్యే ఖర్చు తేల్చాలి. లెక్క కోసం ఆరు గదుల గెస్ట్‌హౌస్‌ను తీసుకుందాం. దుప్పట్లు, తువ్వాళ్ల ఉతుకు, గీజరు కరెంటు, సబ్బు, ఇద్దరికి టిఫిన్, టీ కలిపి 400 రూపాయలు అవుతుందనుకుందాం. పనివాళ్ల జీతాలు, బ్యాంకు వాయిదా గది నిండినా నిండకపోయినా ఉండేవే కాబట్టి ఈ లెక్కలోకి రావు. బుకింగ్ యాప్ నూటికి 18 కమీషన్ తీసుకుంటే, 490 రూపాయలకు ఇచ్చినప్పుడు చేతికి వచ్చేది ఆ 400 మాత్రమే. అంతకన్నా తక్కువకు ఇస్తే గదిని ఖాళీగా ఉంచడమే నయం.

ఇప్పుడు సీజనులో ఒక వారం చూద్దాం. బుకింగులన్నీ ఫోన్లోనే వచ్చాయనుకుంటే కమీషన్ గొడవ ఉండదు. రోజూ 1,800 రేటు. శుక్ర, శనివారాల్లో ఆరు గదులూ నిండుతాయి, అంటే 12 గది రాత్రులు. మిగతా ఐదు రాత్రులకూ కలిపి ఆరు పోతాయి. అంతా కలిపి 32,400 వస్తుంది, ఖర్చు 7,200 పోను 25,200 మిగులుతుంది.

రేట్లు మార్చి శుక్ర, శనివారాలకు 2,600, మిగతా రోజులకు 1,300 పెట్టారనుకుందాం. వారాంతంలో ఒక గది పోకుండా 11 నిండాయి, మామూలు రోజుల్లో ఆరు కాస్తా 11 అయ్యాయి. రాబడి 42,900, ఖర్చు 8,800, మిగులు 34,100.

అయితే తగ్గింపు ప్రతిసారీ గిట్టుబాటు కాదు. 1,800కు ఇచ్చినప్పుడు గదికి 1,400 మిగిలేది, 1,300కు ఇస్తే 900 మాత్రమే. పాత ఆరు గదుల మిగులు 8,400 తిరిగి రావాలంటే కొత్త రేటుకు పది గదులు పోవాలి. ఎనిమిదే పోతే జనం పెరిగినట్టు కనిపిస్తుంది గానీ పెట్టె తేలికవుతుంది. నాలుగైదు వారాలు రాసుకుంటేనే ఈ సంగతి బయటపడుతుంది. ఎన్ని గదులు నిండాయన్నది ఒక్కటే చూస్తే మోసపోతారు.

వారాంతం ఏ రోజన్నది కూడా చూసుకోవాలి. ఆదివారం సెలవే అయినా, ఆ రాత్రికి కుటుంబాలు ఇంటికి బయల్దేరతాయి, అందుకే అది మామూలు రేటు రాత్రి. సోమవారం సెలవు వస్తే మాత్రం అదీ శనివారంతో సమానమే. దసరాకు లెక్క ఇంకో రకం. దుర్గాపూజ సెలవుల్లో బెంగాల్ నుంచి విశాఖ, అరకులకు కుటుంబాలు పెద్ద ఎత్తున వస్తాయి. వాళ్లకు బుధవారమైనా శనివారమైనా ఒకటే, కాబట్టి ఆ రోజుల్లో వారం తేడా తీసేసి సీజను రేటు ఒకటే ఉంచడం మంచిది.

ఆరు గదుల చోట ఒక్క బుకింగ్ ఆరో వంతు. శనివారం ఒక్క రాత్రికే గది ముందుగా ఇచ్చేస్తే, శుక్ర శని రెండు రాత్రులూ ఉంటామనే కుటుంబానికి చోటుండదు. అందుకే సీజనులో వారాంతానికి రెండు రాత్రుల నిబంధన పెట్టి, తేదీ పది రోజుల్లోకి వచ్చాక ఖాళీ ఉంటే సడలించవచ్చు. నాలుగు గదులు నిండాక చివరి రెంటికి రేటు కొంచెం పెంచడమూ న్యాయమే. కానీ అడ్వాన్సు తీసుకున్నాక రేటు పెంచడం మాత్రం తగదు. ఆ మాట పర్యాటకుల మధ్య ఇట్టే పాకుతుంది.

రేటు సరిగ్గా ఉందో లేదో చెప్పేది ఫోన్ల లెక్క. నెల ముందే శనివారాలన్నీ నిండిపోయి, ఆ తర్వాత "గదులు లేవండీ" అని వరుసగా చెప్పాల్సి వస్తే రేటు తక్కువగా ఉన్నట్టు. గురువారం సాయంత్రానికీ రెండు మూడు గదులు మిగులుతుంటే ఎక్కువైనట్టు. వచ్చిన ఫోన్లు, కాదన్న ఫోన్లు, అడిగి మానేసినవి తేదీలవారీగా పుస్తకంలో రాసుకుంటే మరుసటి ఏడు రేట్ల పట్టిక దాన్నిబట్టే తయారవుతుంది.

జోరు వానల మంగళవారాలకు మాత్రం ఏ తగ్గింపూ జనాన్ని రప్పించలేదు. ఆ నెలల్లో రెండు గదులు తెరిచి ఉంచి, మిగతా నాలుగింటికి సున్నం, ప్లంబింగ్ పనులు ముగించుకుంటే అక్టోబరుకు ఆరూ సిద్ధంగా ఉంటాయి.