ఎర్రగా మిణికే లైటు ఏం చెబుతుంది?

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు మూగబోయాయి. తప్పంతా ఆ సంస్థ సొంత నెట్‌వర్క్‌లోదే. అయినా ఇంట్లో నెట్టే పోయిందనుకుని ఇంటర్నెట్ కంపెనీల మీద ఫిర్యాదు చేసినవాళ్లూ ఉన్నారు.

ఆ పొరపాటు జరగకుండా చూసేది జేబులోని ఫోనే. కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ అనుకుందాం. రాత్రి 8:10కి టీవీలో సినిమా ఆగిపోయింది. మొదట ఫోన్‌లో వైఫై ఆపెయ్యాలి, లేదంటే ఫోన్ ఆ పనిచేయని వైఫైనే పట్టుకుని వేలాడవచ్చు. మొబైల్ డేటాతో అదే సినిమా యాప్ తెరిచి చూడాలి. అక్కడా రాకపోతే బహుశా లోపం యాప్‌ది. డేటాలో వచ్చి వైఫైలో రాకపోతే ఇంటి కనెక్షన్‌ను అనుమానించాలి. సిమ్మూ బ్రాడ్‌బ్యాండూ ఒకే కంపెనీవైతే మాత్రం ఈ పరీక్ష బలహీనం. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ కూలినప్పుడు ఇళ్లలో నెట్, చేతిలో మొబైల్ ఒకేసారి పోయాయి.

తర్వాత డౌన్‌డిటెక్టర్ లాంటి సైటు చూస్తారు. అక్కడ కనిపించేవి జనం నొక్కిన ఫిర్యాదులే, కంపెనీ ఒప్పుకోలు కాదు. ఏ రోజైనా కొన్ని ఉంటూనే ఉంటాయి. ఆ వేళకు మామూలుగా ఉండే స్థాయి కంటే గీత నిటారుగా లేస్తేనే పెద్ద అంతరాయమని అర్థం. గీత చదునుగా ఉంటే అంతా బాగున్నట్టూ కాదు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో విద్యుత్ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించినప్పుడు ఎన్నో కాలనీల్లో నెట్ ఆగింది. ఒక వీధిలో తెగిన తీగ దేశవ్యాప్త గ్రాఫ్‌లో కనిపించకపోవచ్చు.

వీధి సంగతి తేల్చేది మోడెమ్ మీది లైట్లు, పక్కింటివాళ్లు. ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా మిణుకుతుంటే ఫైబర్ వెలుగు మోడెమ్‌కు చేరడం లేదు. వెనక సన్నని తీగ మడతపడిందేమో చూడాలి. పక్క ఫ్లాట్‌లోనూ అదే కంపెనీ నెట్ పోతే తెగింది బయటే. పాన్ లైటు ఆకుపచ్చగా నిలకడగా ఉన్నా నెట్ రాకపోతే సాధారణంగా తీగ బాగానే ఉన్నట్టు. బిల్లు గడువు దాటిందేమో కూడా చూడాలి.

ఇక కస్టమర్ కేర్. "నెట్ రావట్లేదండీ" అంటే వాళ్లు మళ్లీ రౌటర్ ఆపి పెట్టమనే అంటారు. "రాత్రి 8:10 నుంచి ఆగింది. ఎల్ఓఎస్ ఎర్రగా మిణుకుతోంది. ఒకసారి ఆపి పెట్టాను, మారలేదు. పక్క ఫ్లాట్‌లోనూ ఇంతే" అని ఖాతా నంబరుతో చెబితే కాల్ నేరుగా లైన్‌మన్ దాకా వెళ్లే అవకాశం ఎక్కువ. లైట్ల ఫొటో ఉంచుకోవాలి. వెనక రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చకూడదు, కనెక్షన్ సెట్టింగులు చెరిగిపోవచ్చు. ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరడిగినా ఇవ్వకూడదు. ఫోన్ పెట్టేముందు ఫిర్యాదు నంబరు, బాగుచేస్తామన్న సమయం రాసుకోవాలి. మర్నాడు మళ్లీ చేయాల్సి వస్తే కథంతా మొదటినుంచి చెప్పే పని తప్పుతుంది.